మూడు వేల జవాబులు, ఐదు ఇళ్ల విలువ: వంశధార ఒడ్డున ఒక అప్పుల సర్వే

ఒడిశాలో గజపతి జిల్లా కాశీనగర్ నుంచి రాయగడ జిల్లా గుణుపురం దాకా వంశధార వెంబడి ఉన్న పల్లెల్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఖరీఫ్‌లో అక్కడ ప్రధానంగా వరే. నాట్ల ముందు చేతిలో డబ్బు కావాలి. దుక్కికి, నారుకి, డీఏపీకి, కూలీలకి అన్నిటికీ ఒకేసారి కావాలి. ఆ డబ్బు సొసైటీలో, బ్యాంకులో దొరికితే ఒక రకం. షావుకారు దగ్గర తెస్తే ఇంకో రకం. అక్కడ వడ్డీతో తీరదు, పంట కూడా ఆయన కాటా మీదే తూచాలి, ధర ఆయన చెప్పిందే.

ఈ ప్రాంతంలో పెట్టుబడి రుణాలివ్వాలనుకున్న ఒక స్వచ్ఛంద సంస్థ నన్ను పిలిచింది. సాగు చేసే ప్రతి వంద ఇళ్లలో ఎన్ని ఇళ్లు ఈ ఖరీఫ్‌కి షావుకారు దగ్గర డబ్బు తెచ్చాయో తెలిస్తే, ఎంత నిధి కావాలో లెక్క వేసుకుంటారు. వాళ్లు అప్పటికే ఒక సర్వే చేశారు. నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "శాంపిల్ ఇంకెంత పెంచితే ఈ అంకె మీద భరోసా పెట్టుకోవచ్చు?"

సంస్థ పేరు, ఊళ్ల పేర్లు ఇక్కడ చెప్పడం లేదు. ఒప్పందం ప్రకారం అసలు అంకెలు కూడా బయటపెట్టకూడదు కాబట్టి వాటిని మార్చి, గుండ్రం చేసి ఇస్తున్నాను. లెక్క నడిచిన తీరు, తేడా వచ్చిన దిశ మాత్రం అవే. దయచేసి ఈ అంకెల్ని ఆ జిల్లాల గణాంకాలుగా ఎవరూ ఎత్తి రాయవద్దు.

వాళ్లు చేసిన సర్వే

ధాన్యం అమ్మడానికి సొసైటీ దగ్గర పేరు నమోదు చేసుకున్న రైతుల జాబితా వాళ్లకు అందింది. ఫోన్ నంబర్లతో సహా 12,000 పేర్లు. ఆ నంబర్లన్నిటికీ తెలుగులో, ఒడియాలో రికార్డెడ్ కాల్ పంపారు. "ఈ ఖరీఫ్‌కి పెట్టుబడి ఎక్కడ తెచ్చారు? సొసైటీ లేదా బ్యాంకు అయితే ఒకటి నొక్కండి, షావుకారు లేదా వ్యాపారి అయితే రెండు, సొంత డబ్బయితే మూడు." ఫోన్ ఎత్తనివాళ్లకి ఇంకో రెండు సార్లు చేశారు. మొత్తం మీద 3,000 మంది జవాబిచ్చారు. అందులో 720 మంది, అంటే 24 శాతం, రెండు నొక్కారు.

రిపోర్టులో "24 శాతం, మార్జిన్ ఆఫ్ ఎర్రర్ 1.5 శాతం" అని రాశారు. అంటే నిజం 24కి అటూ ఇటూ ఒకటిన్నర పాయింట్ల లోపే ఉంటుందని. ఫార్ములా ప్రకారం అది తప్పు కాదు. 3,000 మందిని లాటరీ తీసినట్టు ఎంచి ఉంటే వచ్చే మార్జిన్ అంతే. కానీ సంస్థలో ఊళ్లు తిరిగే ఫీల్డ్ కోఆర్డినేటర్‌కి ఆ అంకె మింగుడు పడలేదు. "సార్, నేను వెళ్లే ఏ ఊళ్లో అయినా సగం మంది షావుకారు పేరే చెప్తారు. వందలో ఇరవై నాలుగు మందేనా?" అన్నాడాయన. ఆఫీసులో ఉన్నవాళ్లు దానికి చెప్పిన పరిష్కారం, కాల్స్ ఇంకా పెంచడం. చుట్టుపక్కల బ్లాకుల జాబితాలు కూడా తెచ్చి జవాబుల్ని 12,000 దాకా తీసుకెళ్తే అంకె గట్టిపడుతుందని వాళ్ల ఆలోచన. దానికి బడ్జెట్ కూడా సిద్ధం చేశారు.

ఆ డబ్బు ఖర్చు చేయవద్దని చెప్పాను. ఎందుకో చెప్పాలంటే సర్వేలో వచ్చే తప్పు రెండు ముక్కలుగా ఉంటుందని గుర్తు పెట్టుకోవాలి.

```
MSE = bias² + p(1−p)/n
```

MSE అంటే మొత్తం తప్పుకి కొలత. p అంటే మనం కొలిచే వాటా, n అంటే జవాబుల సంఖ్య. రెండో ముక్క లాటరీ వల్ల వచ్చే ఎగుడుదిగుడు. దాని కింద n ఉంది కాబట్టి శాంపిల్ పెరిగిన కొద్దీ అది కరిగిపోతుంది. మొదటి ముక్క బయాస్, అంటే అడిగే పద్ధతి వల్లే అంకె ఒక వైపుకి జరిగిపోవడం. అందులో n లేనే లేదు. రిపోర్టులో రాసే మార్జిన్ రెండో ముక్కని మాత్రమే చూపిస్తుంది, మొదటి దాని గురించి ఒక్క మాట కూడా చెప్పదు. అంటే అదే పద్ధతిలో 12,000 జవాబులు తెస్తే మార్జిన్ 1.5 నుంచి 0.8 శాతానికి తగ్గుతుంది. అంకె మాత్రం అదే 24 దగ్గర ఉంటుంది. అసలు జవాబు 24 కాకపోతే, తప్పుడు చోట ఇంకా గట్టిగా నిలబడ్డట్టు అవుతుంది. అదే 300 మందినే అడిగి ఉంటే మార్జిన్ దాదాపు 5 శాతం వచ్చేది, చదివేవాడు కనీసం కాస్త జాగ్రత్తగా చదివేవాడు.

జాబితాలో లేనివాళ్లు

ముందు జాబితానే తెరిచి చూశాం. సొసైటీలో నమోదు కావాలంటే భూమి కాగితం కావాలి. ఒడిశా భూసంస్కరణల చట్టం, 1960 కొన్ని మినహాయింపులు తప్ప కౌలును నిషేధించింది. చట్టం వద్దన్నంత మాత్రాన కౌలు ఆగదు కదా. అది నోటిమాట మీద నడుస్తుంది. భూమి గల ఆసామి పర్లాకిమిడిలోనో, శ్రీకాకుళంలోనో ఉంటాడు. పొలం దున్నేది ఊళ్లో ఉన్న ఇంకొకడు. కాగితం మీద రైతు ఆసామి, మట్టిలో రైతు కౌలుదారు. రేపు కౌలుదారు హక్కు అడుగుతాడేమోనన్న భయంతో ఆసామి కాగితం మీద అతని పేరు రాయనివ్వడు. తాత పేరు మీదే ఉండిపోయి పంపకాలు తేలని భూములు సాగు చేసేవాళ్లూ అంతే, వాళ్ల పేర్లు కూడా జాబితాకి ఎక్కవు.

ఇందులో గమనించాల్సింది, జాబితాలో లేకపోవడానికీ షావుకారు దగ్గర అప్పు తేవడానికీ కారణం ఒక్కటే కావడం. కాగితం లేదు కాబట్టి సొసైటీ జాబితాలో పేరు లేదు. కాగితం లేదు కాబట్టే సొసైటీ అప్పివ్వదు, బ్యాంకూ ఇవ్వదు. అంటే మనం కొలవాలనుకున్న విషయమే కొందరిని జాబితా నుంచి బయటికి నెట్టేస్తోంది. ఒక జాబితాలో కొన్ని పేర్లు ఎలా పడితే అలా ఎగిరిపోతే నష్టం తక్కువే. ఇక్కడ పేర్లు ఎగిరిపోయింది ఒక లెక్క ప్రకారం.

నంబర్ల వరసలో సార్ట్ చేసి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. ఒకే ఫోన్ నంబర్ చాలా పేర్ల పక్కన ఉంది. ఫోన్ లేనివాళ్లకి, ఉన్నా నంబర్ గుర్తులేనివాళ్లకి నమోదు చేయించిన కుర్రాడు తన నంబరే రాసేశాడు. అలాంటి పేర్లను సంస్థ ముందే తీసేసింది, అవి పోగా మిగిలినవే ఆ 12,000. డూప్లికేట్లు తీసేయడం మామూలుగా మంచి పనే. ఇక్కడ మాత్రం ఆ పని వల్ల ఫోన్ లేని రైతులు కూడా జాబితా బయటికి వెళ్లిపోయారు.

ఫోన్ ఎత్తనివాళ్లు

జాబితాలో ఉన్నవాళ్లలో కూడా జవాబిచ్చింది నాలుగో వంతే. మిగతా ముప్పావు వంతు మంది జవాబిచ్చినవాళ్ల లాంటివాళ్లేనా? దీన్ని తేల్చడానికి ఊళ్లకి వెళ్లక ముందే ఆఫీసులో కూర్చుని చేయగల పరీక్ష ఒకటుంది. జవాబుల్ని అవి ఎన్నో కాల్‌కి వచ్చాయో దాన్ని బట్టి విడదీయడం. కాల్ పంపిన కంపెనీ ఇచ్చిన ఫైల్లో ఆ వివరం ఉంటుంది, ఎవరూ దాన్ని తెరిచి చూడరు. మొదటి కాల్‌కే జవాబిచ్చిన 1,700 మందిలో 21 శాతం షావుకారు అన్నారు. రెండో కాల్‌కి ఇచ్చిన 800 మందిలో 26 శాతం. మూడో కాల్ దాకా పట్టిన 500 మందిలో 31 శాతం. దొరకడం కష్టమైన కొద్దీ అప్పు పెరుగుతోంది. అసలు దొరకనివాళ్లలో ఇంకా ఎక్కువే ఉంటుందని ఈ మెట్లు ముందే చెప్తున్నాయి. ఎంత ఎక్కువో మాత్రం చెప్పలేవు.

కారణం ఊళ్లోకి వెళ్లాక తెలిసింది. ఒక ఇంట్లో పెద్దావిడని, మీ నంబర్‌కి మూడు సార్లు కాల్ వచ్చింది, గుర్తుందా అమ్మా అని మా కుర్రాడు అడిగాడు. "ఏటి బాబూ, తెలీని నంబరొస్తే ఎవులెత్తుతారు? ఎత్తితే కిస్తీ కట్టమంటారు" అంది. ఆ ఇంటికి షావుకారు అప్పుతో పాటు వారం వారం కట్టే గ్రూపు లోను కూడా ఉంది. ఫోన్‌లో కొత్త నంబర్ కనబడితే ఆ ఇంట్లో టెన్షన్. పక్క వీధిలో సొసైటీ అప్పు సకాలంలో కట్టే ఆసామికి ఆ భయం లేదు. ఆయన ఫోన్ ఎత్తి, మొత్తం విని, ఒకటి నొక్కాడు. అప్పు ఉండడమే జవాబు ఇవ్వకపోవడానికి కారణమైతే, ఎన్ని వేల మందికి ఫోన్ చేసినా మొదట ఎత్తేది అప్పు లేనివాళ్లే. కొన్ని ఇళ్లలో కారణం వేరే. జాబితాలో ఉన్న నంబర్ కొడుకుది, ఆ కొడుకు హైదరాబాద్‌లో కట్టడం పనిలో ఉన్నాడు. పెట్టుబడి ఎక్కడ తెచ్చారని అడిగితే అతనికీ సరిగ్గా తెలియదు.

వెయిటింగ్‌తో సరిపెట్టలేమా?

సంస్థలో డేటా చూసే అమ్మాయి మంచి ప్రశ్న అడిగింది. "సార్, జవాబిచ్చినవాళ్లలో పెద్ద రైతులు ఎక్కువున్నారని తెలుసు కదా, చిన్న రైతుల జవాబులకి ఎక్కువ వెయిట్ ఇస్తే సరిపోదా?" చేసి చూశాం. జాబితాలో ప్రతి పేరు పక్కన ఎకరాలు ఉన్నాయి కాబట్టి, జాబితా మొత్తంలో చిన్న రైతుల వాటా ఎంతో జవాబుల్లోనూ అంతే ఉండేలా వెయిట్లు వేశాం. 24 కాస్తా 27 అయింది. దిశ సరైనదే, దూరం సరిపోలేదు.

ఎందుకు సరిపోలేదంటే, వెయిటింగ్ పని చేయాలంటే ఒకే సైజు భూమి ఉన్నవాళ్లలో ఫోన్ ఎత్తినవాళ్లూ ఎత్తనివాళ్లూ అప్పు విషయంలో ఒకేలా ఉండాలి. ఇక్కడ ఫోన్ ఎత్తకపోవడానికి కారణం ఎకరాలు కాదు, కిస్తీ భయం. రెండెకరాల రైతుల్లో కూడా అప్పు లేనివాడు ఎత్తాడు, ఉన్నవాడు ఎత్తలేదు. ఎత్తిన రెండెకరాల రైతుకి వెయిట్ ఎంత పెంచినా, అతను ఎత్తని రెండెకరాల రైతుకి ప్రతినిధి కాలేడు. ఇక కౌలుదారుల సంగతికొస్తే వెయిటింగ్‌కి అసలు దారే లేదు. జవాబుల్లో వాళ్లు సున్నా. సున్నాని దేనితో గుణించినా సున్నానే.

మేం చేసింది

కాల్స్‌కి పెట్టుకున్న బడ్జెట్‌లో కొంత తీసి, 20 ఊళ్లలో ఇంటింటికీ తిరిగే చిన్న సర్వే చేశాం. ఊళ్లను 2011 జనగణన గ్రామాల జాబితా నుంచి, ఇళ్లు ఎక్కువున్న ఊరికి ఎక్కువ అవకాశం ఉండేలా లాటరీ తీశాం. జనగణన జాబితా పాతదే అయినా, అది ఊళ్ల జాబితా. అప్పు ఉన్న ఊరని ఏ ఊరూ అందులోంచి ఎగిరిపోదు. ఊళ్లో ఇళ్లకి మాత్రం ఏ రెడీమేడ్ జాబితానీ నమ్మలేదు. జాతీయ నమూనా సర్వే వాళ్లు చేసినట్టే, ఊరి ఒక కొస నుంచి ఇంకో కొస దాకా నడిచి, ప్రతి గుమ్మానికీ సుద్దముక్కతో నంబర్ వేసి, కొత్త జాబితా మేమే రాసుకున్నాం. విడిగా ఉన్న పేటలు, గెడ్డ అవతల నాలుగు ఇళ్లు, ఏవీ వదలకూడదు.

ప్రతి గుమ్మం దగ్గర అడిగింది ఒక్కటే: "ఈ ఖరీఫ్‌లో ఈ ఇంటివాళ్లు ఎవరి భూమిలోనైనా సాగు చేశారా?" ఇందులో "ఎవరి భూమిలోనైనా" అన్న మాట చాలా ముఖ్యం. "మీకు పొలం ఉందా?" అని అడిగితే కౌలుదారు లేదనే చెప్తాడు, సొసైటీ జాబితాలోని లోపం మన జాబితాలోకీ వచ్చేస్తుంది.

సాగు చేసే ఇళ్లలోంచి ఊరికి 22 చొప్పున 440 ఇళ్లు వరస ప్రకారం ఎంచాం. మొదటి ఇల్లు లాటరీలో తేలుతుంది, అక్కడి నుంచి సమాన దూరంలో. ఎంచుకున్న ఇంటికి తాళం ఉంటే సాయంత్రం మళ్లీ వెళ్లాలి, అప్పటికీ లేకపోతే ఇంకో రోజు పొద్దున్నే వెళ్లాలి. పక్కింటివాళ్లని అడిగి సరిపెట్టకూడదని సర్వే కుర్రాళ్లకి గట్టిగా చెప్పాం. తిరిగి తిరిగి అలసినప్పుడు పక్కింటి తలుపు తీసి ఉంటే అడిగేయాలనిపిస్తుంది. అలా చేస్తే ఎవరు ఇంట్లో దొరికితే వాళ్లే శాంపిల్ అవుతారు, ఫోన్ సర్వేలో జరిగిందే కాలి నడకన మళ్లీ జరుగుతుంది. 440లో 400 ఇళ్లు పూర్తయ్యాయి.

183 ఇళ్లు షావుకారు దగ్గర పెట్టుబడి తెచ్చాయి. అంటే 46 శాతం.

ఒకే ఊరివాళ్లు ఒకే షావుకారు దగ్గరికి వెళ్తారు కాబట్టి ఒక ఊళ్లోని ఇళ్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ సంగతి లెక్కలోకి తీసుకుంటే మా మార్జిన్ దాదాపు 7 శాతం. ఫోన్ సర్వే 1.5తో పోలిస్తే ఇది పెద్దదే, బోర్డు మీటింగులో ఒకరు అదే ఎత్తిచూపారు. కానీ మా 39 నుంచి 53 అనే పరిధి దొరకనివాళ్ల సంగతి కూడా దాదాపుగా చూసుకున్న పరిధి. వాళ్ల 22.5 నుంచి 25.5 అనే పరిధి, ఫోన్ ఎత్తి మీట నొక్కినవాళ్ల గురించి మాత్రమే.

తేడా ఎక్కడి నుంచి వచ్చింది

ఇళ్లవాళ్ల అనుమతితో ఫోన్ నంబర్, భూమి కాగితం మీద ఉన్న పేరు తీసుకుని సొసైటీ జాబితాతో సరిపోల్చాం. 400 ఇళ్లలో 240 జాబితాలో ఉన్నాయి, 160 లేవు. లేని 160లో 104 ఇళ్లు, అంటే 65 శాతం, షావుకారు దగ్గర తెచ్చాయి. ఉన్న 240లో 79 ఇళ్లు, అంటే 33 శాతం.

ఆ 240లో ఫోన్ సర్వేకి జవాబిచ్చిన ఇళ్లు 60. వాటిలో షావుకారు అన్నవి 14, అంటే 23 శాతం. ఫోన్ సర్వేలో వచ్చిన 24కి ఇది దాదాపు సమానం. అరవై ఇళ్లు చిన్న సంఖ్యే, అయినా ఈ పోలిక నాకు చాలా పనికొచ్చింది. ఫోన్‌లో ఒకటి చెప్పి ఇంటి దగ్గర ఇంకొకటి చెప్తున్నారేమో అన్న అనుమానం దీనితో చాలావరకు తీరింది. ఫోన్ సర్వేలో జవాబులు అబద్ధం కాదు. జవాబిచ్చినవాళ్లే వేరే రకం. జాబితాలో ఉండి జవాబివ్వని 180 ఇళ్లలో షావుకారు అప్పు 36 శాతం.

ఇప్పుడు ఆ మెట్లు వరసగా చూడండి. ఫోన్ ఎత్తినవాళ్లలో 24. జాబితాలో ఉన్నవాళ్లందరిలో 33. సాగు చేసే ఇళ్లన్నిటిలో 46. మొదటి తొమ్మిది పాయింట్లు తమంతట తాము ముందుకొచ్చి జవాబిచ్చినవాళ్ల వల్ల వచ్చిన తేడా. తర్వాతి పదమూడు జాబితా లోపం. సంస్థ ఎంత డబ్బైనా పెట్టి, జాబితాలోని 12,000 మందిలో ఒక్కరినీ వదలకుండా జవాబు తెప్పించినా చేరేది 33 దగ్గరికే. తప్పుడు జాబితా మీద పూర్తి జనగణన చేసినా దక్కేది ఆ జాబితా గురించిన నిజమే.

మేం దొరకబుచ్చుకోలేని 40 ఇళ్ల సంగతి? ఆ నలభైలో ఒక్కటీ షావుకారు దగ్గరికి వెళ్లలేదనుకుంటే 440లో 183, అంటే 42 శాతం. అన్నీ వెళ్లాయనుకుంటే 51 శాతం. ఎటు చూసినా నిర్ణయం మారదు. ఇదే లెక్క ఫోన్ సర్వేకి వేస్తే, జవాబివ్వని 9,000 మందిలో ఎవరూ తేలేదనుకుంటే 6 శాతం, అందరూ తెచ్చారనుకుంటే 81 శాతం. ఇది కూడా జాబితాలో ఉన్నవాళ్లకి మాత్రమే. 1.5 శాతం మార్జిన్ అని రాసిన అంకె వెనక నిజంగా ఉన్న అనిశ్చితి అంత. ఏ సర్వే రిపోర్టు చేతికొచ్చినా నేను ముందు ఈ లెక్కే వేస్తాను, కాగితం మీద రెండు నిమిషాల పని.

మూడు వేల జవాబుల విలువ ఎంత

బోర్డులో ఒక పెద్దాయన అడిగారు, "తప్పుందని ఒప్పుకున్నాం. అయినా మూడు వేల మంది కదా, ఎంతో కొంత విలువ ఉండాలి కదా?" ఉంటుంది, దాన్ని లెక్క కట్టొచ్చు. 46 నిజమనుకుంటే ఫోన్ సర్వే బయాస్ 22 పాయింట్లు. పై ఫార్ములాలో పెట్టి, సరిగ్గా లాటరీ తీసిన శాంపిల్ ఎంత చిన్నదైతే ఇంత తప్పు వస్తుందో వెనక్కి లెక్కిస్తే వచ్చేది ఐదు ఇళ్లు.

```
n_eff = p(1−p) / MSE
      = 0.46 × 0.54 / (0.22² + 0.008²)
      ≈ 5
```

ఇదే లెక్కలో జవాబుల్ని 3,000 నుంచి 12,000 చేయండి. మారేది లాటరీ ఎగుడుదిగుడుని చూపే ఆ 0.008 ఒక్కటే, 0.004 అవుతుంది. ఫలితం అప్పుడూ ఐదే. అదనపు తొమ్మిది వేల జవాబులు ఒక్క ఇంటి విలువ కూడా కలపలేదు. మా 46కి కూడా మార్జిన్ ఉంది కాబట్టి ఈ ఐదుని పట్టుకుని కూర్చోనక్కర్లేదు. నిజం 39 అయితే పదిళ్లకి కాస్త పైన, 53 అయితే మూడిళ్లు. పదో మూడో, మూడు వేలు మాత్రం కాదు.

ఇది మారుమూల పల్లెల ఫోన్ సర్వేకే వచ్చే తిప్పలు కాదు. 2021లో అమెరికాలో కోవిడ్ టీకా ఎంతమంది వేసుకున్నారో తెలుసుకోవడానికి ఫేస్‌బుక్ ద్వారా నడిచిన సర్వేకి వారానికి సుమారు రెండున్నర లక్షల జవాబులు వచ్చేవి. ఆ మే నెలలో అది ప్రభుత్వ లెక్క కన్నా 17 పాయింట్లు ఎక్కువ చూపించింది. వారానికి వెయ్యి మందినే, జాగ్రత్తగా ఎంచి అడిగిన సర్వే నిజానికి చాలా దగ్గరగా ఉంది. ఆ ఏడాది చివర నేచర్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం ఆ రెండున్నర లక్షల విలువ పది మంది లాటరీ శాంపిల్ దాకా పడిపోయింది. ఆ విశ్లేషణ చేసినవాళ్లలో ఒకరైన షావో-లీ మెంగ్ 2018లోనే దీనికి లెక్క చూపించారు. జవాబు ఇవ్వడానికీ, మనం కొలిచే విషయానికీ మధ్య కొద్దిపాటి సంబంధం ఉన్నా, జనాభా పెద్దదయ్యే కొద్దీ దాని దెబ్బ పెరుగుతుందని. 1936 అమెరికా ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రిక ఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల్లాంటి వాటి నుంచి కోటి మందికి కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు తెప్పించుకుని, రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని చెప్పింది. ఆయన 60 శాతానికి పైగా ఓట్లతో గెలిచాడు. అక్కడా రెండు జబ్బులూ కలిసే ఉన్నాయి, జాబితాదీ, జవాబిచ్చినవాళ్లదీ.

మా కేసులో రెండు బయాస్‌లూ ఒకే వైపు లాగాయి. ఎప్పుడూ అలాగే ఉంటుందని లేదు. ఇదే సంస్థ "షావుకారు మోసం మీద ఫిర్యాదు ఉంటే మిస్డ్ కాల్ ఇవ్వండి" అని అడిగి ఉంటే, కడుపు మండినవాళ్లే కాల్ చేసేవాళ్లు, అంకె 80 దాటినా ఆశ్చర్యం లేదు. జాబితా కిందికి లాగి, స్వచ్ఛందంగా వచ్చే జవాబులు పైకి లాగి, రెండూ కలిసి అంకె నిజం దగ్గర పడిన సర్వేలు కూడా చూశాను. అవి ఇంకా ప్రమాదం. ఒకసారి సరిపోయింది కదా అని అదే పద్ధతిని పక్క జిల్లాకి తీసుకెళ్తారు.

తర్వాత ఏం చేశారు

నిధి అంచనాని 46 మీద కాకుండా 39 నుంచి 53 పరిధి మీద వేశారు. దానికన్నా పెద్ద మార్పు రుణం ఎవరికి అన్నదాంట్లో వచ్చింది. మొదట సొసైటీ జాబితాలో ఉన్నవాళ్లకే ఇవ్వాలనుకున్నారు. షావుకారు అప్పు ఉన్న 183 ఇళ్లలో 104 ఆ జాబితాలోనే లేవని చూశాక, భూమి కాగితం అడగకుండా ఊరి గ్రూపు పూచీ మీద ఇచ్చే పద్ధతికి మారారు.

మా సర్వేకీ ఒక గట్టి హద్దు ఉంది, దాన్ని రిపోర్టు మొదటి పేజీలోనే రాశాను. ఇల్లంతా తాళం వేసి వలస వెళ్లిపోయిన కుటుంబాలు మా లిస్టింగ్‌లో "సాగు చేయలేదు" కింద పడిపోయాయి. అప్పు తీర్చలేకే సాగు మానేసి వెళ్లినవాళ్లు వాళ్లలో ఉండొచ్చు. వాళ్ల సంఖ్య ఈ 46లో లేదు.

ఇక ఫోన్ కాల్స్ సంగతి. అంకె తప్పైనా, సీజన్ సీజన్‌కీ వచ్చే మార్పు చూడడానికి వాటిని వాడుకోవచ్చు కదా అని అడిగారు. బయాస్ ప్రతిసారీ అంతే ఉంటే తేడా తీసినప్పుడు అది కొట్టుకుపోతుంది, ఆ మాట నిజం. కానీ ఈ కేసులో అంతే ఉంటుందనుకోవడానికి ఆధారం లేదు. సంస్థ రుణాలివ్వడం మొదలుపెట్టాక దాని నంబర్ ఊళ్లో అందరికీ తెలుస్తుంది. అప్పు కావాల్సినవాళ్లే ముందు ఫోన్ ఎత్తుతారు. షావుకారు అప్పు నిజంగా తగ్గుతున్నా, ఫోన్ సర్వేలో పెరిగినట్టు కనబడుతుంది, కార్యక్రమం విఫలమైందని ఎవరో రిపోర్టు రాస్తారు. అందుకని కాల్స్ ఆపలేదు గానీ, వాటి పక్కనే ప్రతి ఖరీఫ్‌లో లాటరీలో వచ్చిన ఐదు ఊళ్లలో ఇంటింటి లిస్టింగ్ పెట్టించాం. ఆ ఊళ్లలో ఫోన్ ఎత్తినవాళ్లనీ ఎత్తనివాళ్లనీ సరిపోల్చి, తేడా పెద్దగా కదిలిన సీజన్‌లో ఫోన్ అంకెని ప్రచురించకూడదని ఒప్పందంలో రాసుకున్నాం.